‘ఎన్నో కాన్పు?’ అని అడిగితే G ఎంతో తెలియదు

అచ్చంపేట దిక్కు ఊరి నుంచి ఒకామె పరీక్షకు వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. పద్నాలుగు వారాల కడుపు. చేతిలో ఉన్న మాతా శిశు సంరక్షణ కార్డు మీద ఎవరో G3P2L2 అని రాసి పెట్టారు. ఎవరో ఏముంది, మాలాంటి సిస్టరే. పని ఒత్తిడిలో ‘ఎన్నో కాన్పమ్మా?’ అని అడిగి ఉంటుంది. ‘మూడోది’ అని ఈమె చెప్పి ఉంటుంది. మూడోది కాబట్టి G3, అంతకుముందు రెండు కాబట్టి P2, ఇంట్లో ఇద్దరు పిల్లలు కాబట్టి L2. లెక్క చూస్తే చక్కగా కుదిరింది. కానీ ఆ మూడు అక్షరాల కార్డులో ఆమె జీవితంలో సగం లేదు.

పాత పాలమూరు జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా ప్రసూతి వార్డుల్లో నర్సుగా పని చేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఏఎన్‌ఎం పిల్లలకు రికార్డులు రాయడం నేర్పుతుంటాను. వాళ్లు తప్పు చేసేది అక్షరాల అర్థం తెలియక కాదు, అర్థం అందరూ బట్టీ పట్టే వస్తారు. చిక్కంతా ‘కాన్పు’ అనే మాటతో వస్తుంది. మన దగ్గర కడుపుతో ఉన్న మనిషిని ‘ఎన్నో కాన్పు’ అంటే, అయిపోయిన కాన్పులకు ఇప్పుడు రాబోయేదాన్ని కలిపి చెబుతుంది. మధ్యలో పోయిన కడుపులను కలపదు. చాలామంది పుట్టి చనిపోయిన బిడ్డను కూడా కలపరు. అంటే ఆమె చెప్పే సంఖ్య G కాదు, P కూడా కాదు.

అందుకని ముందు అక్షరాలను మన మాటల్లోకి తెచ్చుకుందాం. గ్రావిడా అంటే లాటిన్‌లో బరువెక్కినది, అంటే గర్భవతి. మనం ‘ఆమె వట్టి మనిషి కాదు’ అంటాం చూడండి, దాదాపు అదే. G అంటే ఆమె ఎన్నిసార్లు వట్టి మనిషి కాకుండా ఉందో ఆ లెక్క. నిలిచినా పోయినా, గర్భసంచిలో ఉన్నా ట్యూబులో ఉన్నా, ఇప్పుడున్న కడుపుతో సహా అన్నీ G లోకి వస్తాయి. దీనికి సరైన ప్రశ్న ‘పెళ్లయినప్పటి నుంచి ఎన్నిసార్లు నెల తప్పి కడుపైంది?’ అన్నది. పెళ్లి మాట కూడా తీసేసి అడగడమే నయం, ఎందుకో తరవాత చెబుతాను.

పారా అనే మాట కనడం అనే క్రియ నుంచి వచ్చింది. బిడ్డ బయట బతకగల వయసు దాటాక ముగిసిన గర్భాలు ఎన్నో P చెబుతుంది. ఆ వయసు దాటాక బిడ్డ ఏడ్చిందా, చనిపోయి పుట్టిందా అన్నది P కి సంబంధం లేదు. ఒకరు పుట్టారా ఇద్దరా అన్నదీ లేదు. కవలలు పుట్టినా P ఒక్కటే పెరుగుతుంది. అబార్టస్, అంటే A, ఆ వయసు రాకముందే ముగిసిన గర్భాల లెక్క. దానంతట అది పోయినా, మాత్రలతో తీసేసినా, ‘కడుపు కడిగించినా’, ట్యూబులో నిలిచి ఆపరేషన్ చేసినా, బిడ్డకు బదులు గుత్తిలా బుడగలు పెరిగే ముత్యాల గర్భమైనా అందులోకే. మన దగ్గర వీటితో పాటు L రాస్తాం. ఇవాళ్టికి బతికి ఉన్న పిల్లలు ఎందరో అది చెబుతుంది. నాలుగింటిలో ఇదొక్కటే గర్భాలను కాకుండా మనుషులను లెక్కపెడుతుంది. కవలలు ఇద్దరూ ఉంటే L రెండు పెరుగుతుంది. మూడేళ్ల పిల్లాడు జ్వరంతో పోతే L ఒకటి తగ్గుతుంది, P మాత్రం అలాగే ఉంటుంది. పెంచుకున్న బిడ్డ ఇందులోకి రాదు.

ఇక ఆమె దగ్గరికి వద్దాం. కార్డు పక్కన పెట్టి, తెల్ల కాగితం తీసుకొని మొదటి నుంచి అడిగాను.

“మొట్టమొదట నెల తప్పింది ఎప్పుడు బిడ్డా?”

“పెళ్లయిన యేడే మేడం. రెండున్నర నెలలకే పోయింది. అది గూడ లెక్కేనా?”

“లెక్కే. దాని తరవాత?”

దాని తరవాత మొగుడితో కలిసి ముంబై పనికి పోయింది. అక్కడే కవలలు. ఎనిమిదో నెలలో నొప్పులొచ్చాయి. ఆస్పత్రి కాగితం లేదు. కానీ పుట్టబోయే తేదీకి ఆరు వారాల ముందే అయిందని డాక్టరు చెప్పిన మాట గుర్తుంది. అంటే 34 వారాలు. ఇద్దరూ ఏడ్చారు. ఒకరు పదో రోజు పోయారు, ఒక కొడుకు ఉన్నాడు. మూడోసారి నెలలు నిండాయి, కానీ రెండు రోజులుగా బిడ్డ కదలడం లేదని పోతే గుండె చప్పుడు లేదన్నారు. చనిపోయిన బిడ్డనే కన్నది. ఇది చెప్పేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు, నేనూ కాసేపు రాయడం ఆపాను. నాలుగోసారి రెండు నెలలు కూడా నిండకముందే కడుపు నొప్పితో పడిపోతే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఒక ట్యూబు తీసేశారు. ఐదోసారి నెలలు నిండి, మామూలు కాన్పులో ఆడపిల్ల. పిల్ల బాగుంది. ఇప్పుడిది ఆరోది.

వరసగా పెడితే పని తేలికవుతుంది. మొదటిది A. రెండోది, ఇద్దరు బిడ్డలున్నా, ఒక్క P. మూడోది P. నాలుగోది A. ఐదోది P. ఆరోది ఇంకా ఏదీ కాదు. అది G లో మాత్రమే ఉంటుంది, ముగిసేదాకా P లోకి గానీ A లోకి గానీ పోదు. బతికున్నది ఒక కొడుకు, ఒక కూతురు. అంటే:

```
G6 P3 L2 A2
```

మా పిల్లలకు నేను చెప్పే సరిచూపు ఒకటుంది. ప్రతి గర్భం P లోకో A లోకో పోవాల్సిందే కాబట్టి, కడుపుతో ఉన్న మనిషికి ఇలా కుదరాలి:

```
G = P + A + 1
6 = 3 + 2 + 1
```

కాన్పయ్యాక ఆ చివరి 1 ఉండదు. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. L ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఎవరైనా L ని కలిపి సరిచూస్తే కవలల దగ్గర తప్పుతారు, పోయిన బిడ్డల దగ్గర తప్పుతారు. రెండోది, ఈ లెక్క కుదిరిందంటే రాసింది నిజమని కాదు. పాత కార్డు మీది G3P2 కూడా కుదిరింది కదా, మూడు రెండూ ఒకటీ. కుదరకపోతే తప్పు ఉందని మాత్రం ఖాయం. నాకు తరచూ కనిపించేది G2P2, ఇంకా కడుపుతో ఉన్న మనిషి కార్డు మీద. ఇప్పుడున్న కడుపును ముందే కాన్పు కింద కలిపేశారన్నమాట. లేదంటే కవలలను చూసి P2 వేశారు.

ఇంత తవ్వితే వైద్యానికి ఏమొచ్చింది? G3P2L2 అని చూస్తే డాక్టరుకు ఆమె ఏ తేడా లేని మూడో కాన్పు మనిషి. G6P3L2A2 అని చూసిన క్షణం రెండు ప్రశ్నలు పుడతాయి. P మూడు, L రెండు ఎందుకు? A రెండు ఎట్లా పోయాయి? జవాబుల్లో ట్యూబు గర్భం ఒకటి. ఒకసారి ట్యూబులో నిలిచినవాళ్లకు మళ్లీ అలాగే నిలిచే అవకాశం ఎక్కువ కాబట్టి, నెల తప్పగానే స్కాన్ తీసి కడుపు ఎక్కడుందో చూడాలి. ఈమెకు పద్నాలుగు వారాలదాకా ఎవరూ చూడలేదు. వెంటనే పంపించాం, అదృష్టం, గర్భసంచిలోనే ఉంది. నిండు నెలల్లో బిడ్డ పోయిందంటే షుగరు, బీపీ, బిడ్డ ఎదుగుదల ఇప్పుడు గట్టిగా చూస్తారు, కాన్పు ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే పెద్దాసుపత్రి డాక్టరు నిర్ణయిస్తారు. ఆమె కాన్పు మా పీహెచ్‌సీలో చేయాల్సింది కాదని కార్డు చూడగానే తెలిసేది, మొదటిసారి సరిగా రాసి ఉంటే.

P ని, L ని ఎందుకు విడిగా ఉంచారో కూడా ఇక్కడే అర్థమవుతుంది. బిడ్డ బతికిందో లేదో గర్భసంచికి లెక్క లేదు, నిండు కడుపు మోసి ఎన్నిసార్లు సాగిందో దాని లెక్క. ఐదు, అంతకు మించి కాన్పులైన మనిషికి కాన్పు తరవాత గర్భసంచి గట్టిగా ముడుచుకోక రక్తం పోయే ప్రమాదం ఉంటుందని మేం జాగ్రత్త పడతాం. ఇంట్లో ఒక్క పిల్లే ఉన్నా ఆ జాగ్రత్త మారదు. దీనికి తిరగేసిన ఉదాహరణ G4P0A3. G4 చూసి ‘నాలుగోది, తొందరగా అయిపోతుందిలే’ అనుకున్న డ్యూటీ నర్సును చూశాను. మూడుసార్లూ మూడు నెలల లోపే పోయాయి. ఆమె ఒక్క నిండు కాన్పు కూడా ఎరగదు. నొప్పుల వేగం దగ్గర ఆమె తొలుసూరు మనిషే.

ఇప్పుడు అసలు గజిబిజి దగ్గరికి వద్దాం, P కి A కి మధ్య గీత. ‘బయట బతకగల వయసు’ అని తేలిగ్గా అనేశాను గానీ, అది ఎన్ని వారాలన్నది అందరికీ ఒకటి కాదు. మేం చదువుకున్న పుస్తకాల్లో 28 వారాలు. బ్రిటన్‌లో 24, అమెరికాలో 20. నెలలు నిండని బిడ్డలను బతికించే వసతి పెరిగే కొద్దీ గీత కిందికి జరిగింది. నల్లగొండలో ఒక కార్పొరేట్ డాక్టరు రాసింది, మా దగ్గర రాసింది ఒకే మనిషికి వేరుగా ఉంటే, ఇద్దరూ తప్పు రాయకపోయి ఉండవచ్చు.

మన నెలల లెక్క సరిగ్గా ఈ గీత దగ్గరే జారుతుంది. ‘ఏడో నెలలో పోయింది మేడం’ అంటారు. ఏడో నెల పడ్డదంటే ఆరు నెలలు నిండాయని, అంటే సుమారు 26 వారాలు. ఏడో నెల నిండిందంటే సుమారు 30. మధ్యలో 28 ఉంది. ఆ ఒక్క మాట మీద ఆధారపడితే A నో P నో చీటీ వేసి తేల్చుకోవాల్సిందే. నెలను నాలుగు వారాలుగా గుణించేవాళ్లు ఇంకా దూరం పోతారు. నెల అంటే నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు, ఆ రోజులే ఏడు నెలల్లో రెండు వారాలవుతాయి.

పండుగలు ఇక్కడ పనికొస్తాయి. కల్వకుర్తి వైపు నుంచి రెండో కడుపుతో వచ్చిన ఒకామె, పోయిన మొదటి కడుపు తేదీలేమీ చెప్పలేకపోయింది. ‘ఎంగిలిపూల బతుకమ్మ నాడు బయట ఉన్న, బతుకమ్మ ఆడలే. తరవాత నెల రాలే. ఉగాది నాడు పొద్దున పోయింది’ అన్నది. 2023 లో ఎంగిలిపూలు అక్టోబర్ 14, 2024 లో ఉగాది ఏప్రిల్ 9. క్యాలెండర్ పట్టుకొని లెక్కేశాం:

```
17 + 30 + 31 + 31 + 29 + 31 + 9 = 178 రోజులు
178 / 7 = 25 వారాల 3 రోజులు
```

ఆమె బయట ఉన్న రోజుల్లో మొదటి రోజు నుంచి లెక్కపెట్టాలి. బతుకమ్మ నాడు రెండో రోజో మూడో రోజో అయితే ఆ రెండు రోజులు పైన కలుస్తాయి, అయినా ఇరవై ఆరు దాటదు. బిడ్డలో ప్రాణం లేదు. మా 28 వారాల గీత ప్రకారం ఇది A. బ్రిటన్ గీత ప్రకారం చనిపోయి పుట్టిన బిడ్డ, P. అదే బిడ్డ ఆ 25 వారాలకే ఏడ్చి పుట్టి ఉంటే దాన్ని ప్రాణంతో పుట్టిన కాన్పుగానే రాస్తాం, P లోకే వేస్తాం, ఎంతసేపు బతికినా సరే.

ఇలాంటి చోట నేను చేసేది ఒకటే, అక్షరం వేసి దాని పక్కన వారాలు రాస్తాను. ‘G2 P0 L0 A1, 25 వారాలకు, ప్రాణం లేకుండా, ఉగాది 2024’ అని. చదివే డాక్టరు తన గీత తాను గీసుకుంటాడు. వారాలు రాయని A1 చూస్తే, రెండు నెలలకు పోయిన దానికీ ఆరో నెల దాటాక పోయిన దానికీ తేడా కనిపించదు. ఆ రెండింటికి కారణాలు వేరు, ఈసారి చేయాల్సిన పరీక్షలు వేరు. ఆలస్యంగా పోయిన దాంట్లో గర్భసంచి ముఖద్వారం ముందే తెరుచుకుందా అన్న అనుమానం రావాలి.

పెద్దాసుపత్రి కాగితాల మీద ఇంకో పద్ధతి కనబడుతుంది. P ని నాలుగు ముక్కలు చేస్తారు: నెలలు నిండిన కాన్పులు, నిండని కాన్పులు, పోయినవి, బతికున్న పిల్లలు. 37 వారాలు దాటితే నిండినట్టు. మన అచ్చంపేట ఆమెకు నిండినవి రెండు, నిండనిది కవలల కాన్పు ఒకటి, పోయినవి రెండు, పిల్లలు ఇద్దరు. కాబట్టి:

```
G6 P2-1-2-2
```

అడ్డగీతలు లేకుండా G6P2122 అని కూడా రాస్తారు. అప్పుడు మా పిల్లలు P పక్కన 2 మాత్రమే చదివి ‘రెండు కాన్పులు’ అంటారు. కాదు, మొదటి రెండంకెలు కలిపితే కాన్పులు, రెండూ ఒకటీ మూడు. బ్రిటన్ అలవాటున్న కొందరు డాక్టర్లు ఇదే మనిషిని P3+2 అని రాస్తారు, ప్లస్ తరవాతది పోయినవి. దాన్ని కూడి ఐదు చేయకూడదు.

పెళ్లి మాట తీసేసి అడగాలన్నాను కదా. ఒకసారి తొలుసూరు అని వచ్చిన అమ్మాయి, వెంట అత్త. రక్తం ఓ నెగటివ్. కార్డు మీద G1 రాసి పంపేవాళ్లమే. అత్తను బయట కూర్చోబెట్టి బీపీ చూస్తూ అడిగితే, పెళ్లికి ముందు ఒకసారి కడుపు పోవడానికి మాత్రలు వేసుకున్న సంగతి చెప్పింది. ‘మా అత్తకు తెల్వద్దు మేడం’ అని రెండుసార్లు అన్నది. నెగటివ్ రక్తం ఉన్నవాళ్లకు కడుపు పోయినప్పుడు 72 గంటల లోపు యాంటీ-డీ ఇంజెక్షన్ ఇస్తారు, లోపలి బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో ఎదురు పదార్థాలు తయారు కాకుండా. ఇంట్లో మాత్రలు వేసుకున్న పిల్లకు ఎవరిస్తారు? అందుకని ఆ ఎదురు పదార్థాలు ఇప్పటికే తయారయ్యాయా అని చూసే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష రాయించాం. తొలుసూరైనా నెగటివ్ వాళ్లకు ఈ పరీక్ష చేయాలి. కానీ G1 అని రాసి ఉన్నప్పుడు ‘మొదటిదే కదా’ అని వాయిదా వేసే చేతులు ఎన్నో చూశాను. ఆమె నిజం G2 P0 L0 A1. దాన్ని ఆస్పత్రి కేసు షీటులో రాశాం. ఇంట్లో అందరూ తిరగేసే కార్డు మీద ఏం రాయాలో ఆమెనే అడిగి రాశాం. నియమాల పుస్తకం పట్టుకుంటే రెండు చోట్లా ఒకటే ఉండాలి. అత్త చదువుకున్నదని ఆ పుస్తకానికి తెలియదు.

ఈ అక్షరాలు చెప్పనిది కూడా చాలా ఉంది. P3 అంటే మూడూ మామూలు కాన్పులో, మూడూ పెద్దాపరేషన్లో తెలియదు. పాత కోత ఉందా అన్నది నొప్పుల మనిషి దగ్గర మొదట తెలియాల్సిన సంగతి, దాన్ని అక్షరాల పక్కన మాటల్లో రాయక తప్పదు. అందుకే అక్షరాల కింద ప్రతి గర్భానికీ ఒక వరస రాయిస్తాను: ఏ సంవత్సరం, ఎన్ని వారాలు, ఎక్కడ, ఎట్లా అయింది, బిడ్డ బరువు, బిడ్డ ఇప్పుడెట్లా ఉంది. ముందు వరసలు రాసి, తరవాత వాటిని లెక్కబెట్టి అక్షరాలు వేయాలి. మా పిల్లలు తిరగేసి చేస్తారు, అక్షరాలు వేసి వరసలు వాటికి సరిపోయేలా పూరిస్తారు. అట్లయితే మరిచిపోయిన కడుపు మరిచిపోయినట్టే ఉంటుంది.

అచ్చంపేట ఆమెకు పెద్దాసుపత్రిలో నెలలు నిండాక కాన్పయింది, ఆడపిల్ల. డిశ్చార్జి కాగితం తెచ్చి చూపించింది. మన వార్డుల్లో కాన్పయిన మనిషికి G రాయడం మానేస్తాం, ఎందుకంటే ఇప్పుడామె కడుపుతో లేదు. దాని మీద P4 L3 A2 అని ఉంది. నాలుగు ముక్కల పద్ధతిలో అయితే 3-1-2-3. “కవలలైతే ఐదు వేసేటోళ్లా మేడం?” అని అడిగింది. P నాలుగే ఉండేదని, L మాత్రం నాలుగయ్యేదని చెప్పాను.